పని గట్టిగా అడగడమా, మనిషిని విరగ్గొట్టడమా? మా మేనేజర్ సంగతి చూసి చెప్పండి

స్వప్న_హన్మకొండ | 14వ తేదీ, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. హన్మకొండలో ఒక అకౌంట్స్ ఆఫీసులో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఎనుమాముల మార్కెట్ అడ్తి వ్యాపారులు, చౌరస్తా వైపు హార్డ్‌వేర్ షాపులు, రెడీమేడ్ షాపులు, వీళ్ల జీఎస్టీ రిటర్నులు మేం వేస్తాం. మా టీంలో ఐదుగురం. 14 నెలల కింద కొత్త మేనేజర్ వచ్చారు. పని బాగా తెలిసిన మనిషి. ఆయన వచ్చాక ఒక్క పార్టీకి కూడా లేట్ ఫీజు పడలేదని యజమానులిద్దరికీ ఆయనంటే చాలా గురి.

ఈ నెల జరిగింది చెప్తాను. 12వ తేదీ రాత్రి 9:40కి ఫోన్ చేసి, "రేపు పొద్దున 9 గంటలకల్లా తొమ్మిది పార్టీల కొనుగోళ్లు 2బీతో మ్యాచ్ చేసి ఉండాలి" అన్నారు. ఈ లైన్లో లేనివాళ్ల కోసం చెప్తున్నా, మనకు సరుకు అమ్మినవాళ్లు పోర్టల్‌లో వేసిన బిల్లులన్నీ ఒక పట్టీగా మన పేరు మీద వస్తాయి. దాన్నే జీఎస్టీఆర్-2బీ అంటారు. అది వచ్చేదే 14న. 13న పొద్దున అది ఎక్కడుంటుంది? అదే అడిగితే, "2ఏ చూసి చెయ్. స్టాండర్డ్ ఉన్నవాళ్లు ముందే చేస్తారు" అన్నారు. 2ఏ కూడా అట్లాంటి పట్టీనే, కానీ అందులో బిల్లులు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. దాన్ని చూసి చేసినా 14న మళ్లీ మొత్తం చూసుకోవాల్సిందే. అయినా రాత్రి 1:30 దాకా కూర్చుని చేశాను.

పొద్దున నన్ను తన కుర్చీ పక్కన నిలబెట్టి, షీట్ పెద్ద స్క్రీన్ మీద పెట్టారు. ఒక హార్డ్‌వేర్ షాపు బిల్లులో 1 రూపాయి తేడా ఉంది, రౌండింగ్‌లో వచ్చిందే. "ఈ రూపాయి ఎక్కడ పోయింది స్వప్నా? నీ జీతంలో కోయాలా? ఇంటర్ పిల్లకున్న తెలివి కూడా లేదే నీకు" అని నలుగురి ముందు దాదాపు ఇరవై నిమిషాలు. నేను నిలబడే ఉన్నాను. అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు.

కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటేనే నాకు కడుపులో తిప్పుతోంది. ఇంట్లో చెప్తే "పని నేర్పేవాళ్లు అట్లనే ఉంటారు" అంటున్నారు. నిజంగా నేనే సున్నితమా? ఇది స్టాండర్డా, వేధింపా, ఎట్లా తెలుసుకోవాలి?

నర్సంపేట_కుమార్ | 14వ తేదీ, రాత్రి 11:15

అక్కా, మ్యాచింగ్‌కు రాత్రంతా ఎందుకు? ఎక్సెల్‌లో బిల్లు నంబరు, జీఎస్టీ నంబరు కలిపి ఒక కాలమ్ చేసుకుని లుకప్ పెడితే తొమ్మిది పార్టీలది రెండు గంటల పని. రౌండింగ్ తేడాలకు 5 రూపాయల హద్దు పెట్టుకోండి, వాటంతట అవే పక్కకు పోతాయి. ఫార్ములా కావాలంటే పంపిస్తాను.

స్వప్న_హన్మకొండ | 14వ తేదీ, రాత్రి 11:22

థాంక్స్ తమ్మీ, ఆ ఫార్ములా వాడుతూనే ఉన్నాను. పని త్వరగా ఎట్లా చేయాలన్నది కాదు నా బాధ. త్వరగా చేసిన రోజు కూడా ఇదే జరుగుతోంది.

పరకాల_రాజు | 15వ తేదీ, ఉదయం 7:05

ఇంకేం ఆలోచించొద్దు మేడమ్. ఆడవాళ్లను ఆఫీసులో వేధిస్తే 2013 చట్టం ఉంది. కమిటీకి రాసివ్వండి, ఆయన ఉద్యోగం పోతుంది. లేబర్ ఆఫీసులో కూడా ఒక కాగితం పడేయండి. నేను కోర్టు దగ్గర పనిచేస్తాను, రోజూ చూస్తుంటాను.

శ్యామల_మడికొండ | 15వ తేదీ, ఉదయం 8:40

స్వప్నా, నేను 19 ఏళ్లు హెచ్‌ఆర్‌లో చేసి బయటికి వచ్చినదాన్ని. ముందు రాజు గారు చెప్పిన దాని గురించి, ఎందుకంటే అది విని మీరు తప్పు గుమ్మం తొక్కే ప్రమాదం ఉంది.

2013 చట్టం లైంగిక వేధింపులకు సంబంధించింది. ఆయన మాటల్లో, చేతల్లో ఆ రకంది ఏదైనా ఉంటే మాత్రం అదే సరైన దారి. పదిమంది, అంతకన్నా ఎక్కువ ఉన్న ఆఫీసైతే లోపలే కమిటీ ఉండాలి, లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లాలి. జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. కులం పేరుతో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. కానీ మీరు రాసినదాంట్లో ఆ రెండూ లేవు. పని పేరుతో మనిషిని చిన్నబుచ్చడానికి మన దేశంలో ప్రైవేటు ఉద్యోగులకు ప్రత్యేకంగా ఒక చట్టమంటూ లేదు. లేబర్ ఆఫీసు వారు పనిగంటలు, జీతం, నోటీసు లేకుండా తీసేయడం లాంటివి చూస్తారు. వారానికి 48 గంటలు దాటించి ఓవర్‌టైం ఇవ్వకపోతే అది వారి దగ్గర నిలబడుతుంది. "తెలివి లేదు అన్నాడు" అనేది నిలబడదు.

ఇక మీరు అడిగింది. ఆయన గొంతు పెద్దదా చిన్నదా అని చూడకండి. అరిచే మంచి మేనేజర్లను చూశాను, మెత్తగా మాట్లాడుతూ మనుషుల్ని నాశనం చేసినవాళ్లనూ చూశాను. నేనైతే ముందు గడువు ఎవరిదో చూస్తాను. అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1కి 11, పన్ను కట్టే రిటర్ను 3బీకి 20, ఇవి ప్రభుత్వం పెట్టిన తేదీలు. వాటిని ఎవరూ జరపలేరు. మీ 13వ తేదీ పొద్దున 9 గంటలు ఎవరు పెట్టారు? మీరు ఇచ్చిన షీట్ ఆ తర్వాత ఎన్ని రోజులు అట్లాగే పడి ఉంది? 9 గంటలకు అడిగి 18 దాకా ముట్టుకోకపోతే ఆ గడువు పని కోసం పెట్టింది కాదు.

రెండోది, అదే 1 రూపాయి తేడా వేరేవాళ్ల షీట్‌లో వస్తే ఏమన్నారు? కొలబద్ద అంటే అందరికీ ఒకటే ఉండాలి. ఒకరికి గజం, ఒకరికి మూర పెడితే దాన్ని స్టాండర్డ్ అనరు.

జనగామ_సురేందర్ | 15వ తేదీ, ఉదయం 9:30

నేను హైదరాబాద్‌లో 12 మంది టీంను చూసుకుంటాను కాబట్టి అటువైపు నుంచి ఒక మాట. 2ఏ చూసి ముందే మ్యాచ్ చేయడం తప్పేం కాదు. మా తమ్ముడిది ఇదే లైన్. పెద్ద పార్టీలకు ముందే చూసుకుంటే ఏ సప్లయర్ బిల్లు వేయలేదో తెలుస్తుంది, ఫోన్ చేసి వేయించుకోవచ్చు. 14 దాకా ఆగితే అది కుదరదు, ఆ బిల్లు మీద కట్టిన పన్నును తగ్గించుకునే క్రెడిట్ వచ్చే నెలకు పోతుంది. కాబట్టి ఆయన అడిగిన పనిలో అర్థముంది. ఇరవైలోపు రాత్రి ఫోన్ చేయడం కూడా ఈ పనిలో మామూలే. గట్టిగా అడిగిన ప్రతివాడినీ వేధించేవాడంటే రేపు ఎవరూ పని చెప్పలేరు.

శ్యామల_మడికొండ | 15వ తేదీ, ఉదయం 10:10

సురేందర్ గారూ, మీ మాటలో న్యాయముంది. ఇట్లాంటి మనిషిని పట్టుకోవడం కష్టం ఎందుకంటే ఆయన అడిగే ప్రతి పనికీ ఒక కారణం ఉంటుంది. మరి 2ఏ ముందే చూడాలనేది నిజంగా ఆఫీసు పద్ధతైతే 5వ తేదీనే అందరికీ చెప్పొచ్చు. బిల్లు వేయని సప్లయర్లకు ఫోన్ చేయాలన్నా 11కి ముందే చేయాలి. 12 రాత్రి ఒక్కరికే చెప్పి, 13 పొద్దున 1 రూపాయి మీద ఇరవై నిమిషాలు నిలబెడితే ఆ పద్ధతి వల్ల ఏ సప్లయర్ కదిలాడు? పని లాభం ఎక్కడా కనిపించడంలేదు. కనిపించేది ఆమె నిలబడి ఉండటమే.

ములుగు_శ్రీనివాస్ | 15వ తేదీ, మధ్యాహ్నం 1:20

నాది కూడా ఇదే కథ. నేను ఊళ్లలో గ్రూపు లోన్ల వసూళ్లకు తిరుగుతాను. వాయిదా రాని రోజు సాయంత్రం వీడియో కాల్ పెట్టి, బాకీ ఉన్న ఇంటి ముందు నుంచే మాట్లాడమంటాడు మా బ్రాంచి మేనేజర్. ఆ ఇంటావిడ చూస్తుండగానే నన్ను తిడతాడు. నేను నోరు మూసుకుని ఉంటే ఆమె ఏడుస్తుంది. మొన్న ఏటూరునాగారం దగ్గర వానలో ఇట్లాగే అయింది. బండి తీసుకుని ఇంటికి వచ్చేసరికి రాత్రి 10 అయింది, అన్నం తినబుద్ధి కాలేదు. దీనికి కూడా పేరుంది, "టార్గెట్ కల్చర్" అంటారు మా దగ్గర.

శ్యామల_మడికొండ | 15వ తేదీ, మధ్యాహ్నం 2:05

శ్రీనివాస్ తమ్మీ, మీది వేరు పోస్టుగా పెట్టండి, తప్పకుండా రాస్తాను. ఎందుకంటే మీ దాంట్లో అప్పు తీసుకున్న మనిషిని అవమానించడం కూడా ఉంది. వసూళ్లలో వేధింపులు కూడదని రిజర్వు బ్యాంకు నిబంధనలున్నాయి, మీకు అటువైపు ఒక దారి ఉంది. స్వప్నకు అది లేదు. నిద్ర, అన్నం రెండూ పోతుంటే మాత్రం ఆగకండి, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

స్వప్నా, మీరు మూడు వారాలు ఒక నోట్‌బుక్ రాయండి. ఏం చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎప్పటికి కావాలన్నారు, ఆ పనికి అసలు గడువు ఎప్పుడు, మీరు ఇచ్చాక అది ఎప్పుడు కదిలింది. ఏదైనా మాట అంటే ఆ మాట ఉన్నదున్నట్టు, పక్కన ఎవరున్నారో కూడా. "బాగా తిట్టారు" అని రాస్తే పనికిరాదు. "ఇంటర్ పిల్లకున్న తెలివి లేదు అన్నారు" అని రాయాలి. అదే రోజు రాయండి, వారం తర్వాత గుర్తుచేసుకుని రాసింది వేరేగా ఉంటుంది. మీ తప్పులు కూడా రాయండి, అది చాలా ముఖ్యం.

ఒక జాగ్రత్త. ఆఫీసు షీట్లు, పార్టీల లెక్కలు మీ సొంత మెయిల్‌కు పంపుకోవద్దు. నా సర్వీసులో న్యాయం వైపున్న ఇద్దరు ఈ ఒక్క పనివల్లే ఓడిపోయారు. వేధింపు సంగతి పక్కకు పోయి "డేటా బయటికి పంపారు" అన్నదే మిగిలింది. నోట్‌బుక్‌లో పార్టీ పేరు కూడా వద్దు, "హార్డ్‌వేర్ 1" అని రాసుకోండి చాలు.

నోటితో పని చెప్పినప్పుడల్లా పది నిమిషాల్లో ఒక చిన్న మెసేజ్ పెట్టండి. "సార్, మీరు చెప్పినట్టు రేపు 9కి తొమ్మిది పార్టీలవి ఇస్తాను. దాని కోసం రెడీమేడ్ పార్టీల 3బీ పని ఎల్లుండికి జరుపుతున్నాను. వేరే క్రమం కావాలంటే చెప్పండి." గొడవ లేదు, ఎదురు లేదు. కానీ ఏది ముందో ఏది వెనకో ఇప్పుడు ఆయన చెప్పాలి.

పరకాల_రాజు | 15వ తేదీ, మధ్యాహ్నం 3:00

నోట్‌బుక్‌లో రాసింది ఎవరు నమ్ముతారు? ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోవడమే మేలు.

శ్యామల_మడికొండ | 15వ తేదీ, మధ్యాహ్నం 3:25

రికార్డింగ్ బయటపడ్డ రోజు ఆఫీసులో మిగతావాళ్లు కూడా ఆమెకు దూరమవుతారు. నేను వద్దంటాను. మీ అనుభవం వేరు కావచ్చు, మీ ఉద్దేశం మీది.

స్వప్న_హన్మకొండ | తర్వాతి నెల 6వ తేదీ, రాత్రి 9:45

మూడు వారాలు రాశాను. ఇవాళ కూర్చుని లెక్కపెట్టాను.

"అర్జెంట్" అని వచ్చిన పనులు 17. అందులో 11 నేను ఇచ్చాక రెండు రోజులకు పైగా అట్లాగే ఉన్నాయి. ఆ 13వ తేదీ షీట్ ఆయన తెరిచిందే 18న, ఆ లోపల 2బీ వచ్చింది కాబట్టి నేను తొమ్మిది పార్టీలవీ రెండోసారి చేశాను. నిజంగా గడువు మీద పడ్డవి మూడే, అవన్నీ 20వ తేదీవి. మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాక రాత్రి ఫోన్లు తగ్గాయి, ఎందుకో తెలియదు.

1 రూపాయి తేడాలు మా టీంలో పిల్లవాడు సాయి షీట్‌లోనూ ఉన్నాయి, నాలుగు బిల్లుల్లో. వాటిని ఒక్క మాట లేకుండా ఓకే చేశారు. అది చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను.

కానీ ఇంకోటి కూడా చెప్పాలి. ఆయన నన్ను అన్నది మొత్తం తొమ్మిది సార్లు. అందులో నాలుగు నిజంగా నా తప్పులే. ఒక రెడీమేడ్ షాపుకు ఒకే బిల్లు క్రెడిట్ రెండుసార్లు తీసుకున్నాను. ఆయన పట్టుకోకపోతే పార్టీ వడ్డీతో కట్టాల్సి వచ్చేది. ఇది రాసుకుంటే నా కేసు బలహీనమైపోయినట్టు అనిపిస్తోంది.

జనగామ_సురేందర్ | 6వ తేదీ, రాత్రి 10:20

బలహీనం కాలేదమ్మా. నేను మేనేజర్‌గా చదివినా ఆ నాలుగు ఉన్నందుకే మిగతా ఐదు నమ్ముతాను. మొదట ఆయన వైపు మాట్లాడాను. 17లో 11 ఊరికే పడి ఉన్నాయంటే నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. మా టీంలో నేనూ శనివారం అడిగి సోమవారం చూడని పనులుంటాయి. రేపటి నుంచి "ఇది నేను ఎప్పుడు చూస్తాను" అన్నది కూడా రాసి అడుగుతాను.

శ్యామల_మడికొండ | 7వ తేదీ, ఉదయం 6:50

ఆ నాలుగు తప్పులతోనే మొదలుపెట్టండి. యజమాని ముందు "సార్, ఇవి నా తప్పులు, వీటిని ఇట్లా సరిచేశాను" అని ముందే చెప్తే, అవతలివాళ్లు మీ మీద వేయడానికి ఇంకేం మిగలదు.

తర్వాత పార్ట్‌నర్లలో ఎవరు మీ పని చూశారో ఆయన దగ్గరికే వెళ్లండి. కాగితం రెండు పేజీలు దాటొద్దు. "వేధిస్తున్నారు" అన్న మాట మొదటి వాక్యంలో వాడకండి, ఆ మాట వినగానే యజమానులు మేనేజర్‌ను కాపాడే పనిలో పడతారు. రెండుసార్లు చేసిన తొమ్మిది పార్టీల పని ముందు పెట్టండి. మీ ఆఫీసులో ఈ 14 నెలల్లో ఎవరైనా మానేశారా?

స్వప్న_హన్మకొండ | 7వ తేదీ, ఉదయం 7:30

ఇద్దరు. ఒకామె రాజీనామా లెటర్‌లో "ఇంటి కారణాలు" అని రాసింది. నాకు మాత్రం అసలు సంగతి చెప్పింది.

శ్యామల_మడికొండ | 7వ తేదీ, ఉదయం 7:45

ఇద్దరు మానేశారని రాయండి, ఎందుకు మానేశారన్నది మీరు రాయొద్దు. ఆమె చెప్పుకోవాలనుకుంటే ఆమే చెప్తుంది. అడిగేవి రెండే ఉండాలి, ఇస్తే ఇచ్చారని లేకపోతే లేదని తేలిపోయేలా. 11, 14, 20 ప్రకారం లోపలి గడువుల పట్టీ నెల మొదట్లోనే అందరికీ ఇవ్వాలి. తప్పులు రాసి పంపాలి, లేదా పక్కకు పిలిచి చెప్పాలి, నలుగురిలో నిలబెట్టకూడదు.

ఇంకా ఒకటి. తలవంచుకుని కూర్చునే ఆ నలుగురు కూడా భయంతోనే ఉన్నారు. వాళ్లను మీ తరఫున కొట్లాడమని అడగకండి. ఒక్కరిని, మీకు నమ్మకమున్నవారిని, చూసింది చూసినట్టు ఒక్క వాక్యం అనగలరా అని అడగండి. అవమానం నడుస్తుండగా మూడో గొంతు వినిపిస్తే చాలాసార్లు అది అక్కడికి ఆగుతుంది. ఆగని చోట్లు కూడా చూశాను, అబద్ధం చెప్పను.

స్వప్న_హన్మకొండ | 11వ తేదీ, రాత్రి 11:10

నిన్న పెద్ద సార్‌తో మాట్లాడాను. నలభై నిమిషాలు విన్నారు. గడువుల పట్టీకి వెంటనే ఒప్పుకున్నారు, ఇవాళ గోడకు అంటించారు కూడా. రెండోదానికి మాత్రం, "ఆయన నోరే అంతమ్మా, మనసు మంచిది. నువ్వు మనసులో పెట్టుకోకు" అన్నారు.

సాయంత్రానికి మేనేజర్ సార్‌కు తెలిసిపోయింది. ఇప్పుడు నాతో అసలు మాట్లాడటం లేదు. టీం అందరికీ పంపే మెయిల్‌లో నా పేరు తీసేశారు. కొత్త సర్క్యులర్ గురించి మధ్యాహ్నం సాయి చెప్తే తెలిసింది నాకు.

పరకాల_రాజు | 12వ తేదీ, ఉదయం 7:15

నేను ముందే చెప్పాను కదా, లేబర్ ఆఫీసులో కాగితం పడేయమని. యజమానికి చెప్తే ఇట్లాగే అవుతుంది.

శ్యామల_మడికొండ | 12వ తేదీ, ఉదయం 8:00

రాజు గారు చెప్పిన భయం నిజమే. ఫిర్యాదు తర్వాత ఇట్లా పక్కన పెట్టడం నేను చాలాసార్లు చూశాను. స్వప్నా, దీన్ని కూడా నోట్‌బుక్‌లో ఎక్కించండి, ఏ రోజు మెయిల్, ఏ విషయం. రెండోసారి జరిగితే పెద్ద సార్‌కు ఒకే వాక్యం: "ఫలానా సర్క్యులర్ నాకు రాలేదు, దాని పని నా పార్టీల మీద ఉంది, నన్ను చేర్చమని కోరుతున్నాను." అలక గురించి కాదు, పని గురించే రాయండి.

దాంతోపాటు వేరే చోట కూడా చూసుకోవడం మొదలుపెట్టండి. ఓడిపోయి వెళ్తున్నానని అనుకోవద్దు. చేతిలో ఇంకో ఉద్యోగం ఉన్న మనిషి ఆ గదిలో నిలబడే తీరే వేరుగా ఉంటుంది. మానేసేముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు ఎన్ని రోజులో చూసుకోండి. ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెద్ద సార్ సంతకంతోనే అడగండి.

నర్సంపేట_కుమార్ | 12వ తేదీ, ఉదయం 9:10

అక్కా, మొదటి రోజు ఎక్సెల్ గురించి రాసి మీ బాధ అర్థం చేసుకోలేదు. మా చిట్స్ ఆఫీసులో కూడా ఒకతను ఇట్లాగే మానేశాడు, మేం ఎవరం ఏం అనలేదు. అతను మళ్లీ ఎక్కడా కనిపించలేదు.

స్వప్న_హన్మకొండ | 14వ తేదీ, రాత్రి 9:30

ఇవాళ 2బీ వచ్చింది. పట్టీ ప్రకారం మ్యాచింగ్ 16 సాయంత్రానికి ఇవ్వాలి. నేను ఇవాళే మూడు పార్టీలవి ఇచ్చాను. ఐదున్నరకు సార్ మళ్లీ స్క్రీన్ మీద పెట్టారు, మళ్లీ నిలబెట్టారు. ఈసారి 2 రూపాయలు. "నెల తిరిగినా నీకు బుర్ర పెరగలేదు" అన్నారు.

సాయికి ఇరవై మూడేళ్లు, మా అందరిలో చిన్నవాడు, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. నేను వాణ్ని అడగలేదు, అడిగింది సంధ్యక్కను. కానీ లేచింది వాడు. గొంతు వణుకుతోంది. "సార్, రౌండింగ్ తేడా నా షీట్‌లోనూ ఉంది సార్, పోయిన నెల మీరే ఓకే చేశారు" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఏసీ శబ్దం తప్ప ఏం లేదు. సంధ్యక్క కూడా తన కుర్చీ ఇటు తిప్పి చూసింది. సార్ వాడి వైపు చూశారు, నా వైపు చూశారు, స్క్రీన్ ఆపేసి ఫోన్ తీసుకుని బయటికి వెళ్లిపోయారు. నేను వెళ్లి నా సీట్లో కూర్చున్నాను. మిగిలిన ఆరు పార్టీల పని మొదలుపెట్టాను.

ఇప్పుడు నా టెన్షన్ అంతా సాయి గురించే. వాడి ప్రొబేషన్ వచ్చే నెలాఖరుకు అయిపోతుంది, కన్ఫర్మేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆ సారే. శ్యామలక్కా, వాడి కోసం ఇప్పుడే ఏం రాసి పెట్టుకోవాలి?

శ్యామల_మడికొండ | 14వ తేదీ, రాత్రి 9:52

వాడు ఇప్పటిదాకా ఇచ్చిన పనుల పట్టీ, తేదీలతో, ఇవాళ రాత్రే వాడి చేతనే రాయించండి. పోయిన నెల ఓకే చేసిన మెయిల్ తేదీ కూడా అందులో ఉండాలి. రేపు పొద్దున నాకు ఫోన్ చేయమనండి, నంబరు మీకు మెసేజ్‌లో పంపుతున్నాను.